లెవెల్ 5 అనుకుని మొదలెట్టి స్టేజీ 2కి దిగొచ్చా: గ్రేడెడ్ రీడర్లతో నా తొమ్మిది నెలలు

జనవరి 7 రాత్రి ఆన్‌లైన్లో వొకాబులరీ సైజ్ టెస్ట్ ఒకటి రాశా. మొత్తం కథ ఆ టెస్టు దగ్గరే తప్పింది కాబట్టి అక్కడి నుంచే చెప్తా.

నాకు 41 ఏళ్ళు, టెన్త్ దాకా తెలుగు మీడియం. ఆఫీసు మెయిల్స్ రాస్తా, మీటింగుల్లో నెట్టుకొస్తా, కానీ ఇంగ్లీష్ పుస్తకం ఒక్కటి కూడా మొదటి నుంచి చివరి దాకా చదివిన పాపాన పోలేదు. ఈ ఏడాది ఎలాగైనా చదవాలని, చదువుతూ చదువుతూ మాటలు పెంచుకోవాలని అనుకున్నా. గ్రేడెడ్ రీడర్లని ఉంటాయి, ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళ కోసం లెవెల్ లెవెల్‌గా మాటలు లెక్కపెట్టి రాసిన కథల పుస్తకాలు, వాటితో మొదలెట్టమని ఎవరో చెప్పారు. సరే, నా లెవెల్ ఏంటో తెలియాలి కదా అని టెస్టు.

అందులో 140 ప్రశ్నలు. ఇంగ్లీష్‌లో ఎక్కువగా వాడే మొదటి వెయ్యి మాటల నుంచి పది, తర్వాతి వెయ్యి నుంచి పది, అలా 14 వేల దాకా. ఒక్కో కరెక్ట్ ఆన్సరూ వంద మాటలతో సమానం. నాకు 52 వచ్చాయి, అంటే 5200 మాటలు. భలే సంతోషమేసింది. ఇక పుస్తకాల లెవెల్స్ చూస్తే, ఒక సిరీస్‌లో లెవెల్ 5కి 2300 హెడ్‌వర్డ్స్ అని ఉంది. హెడ్‌వర్డ్ అంటే మూల పదం, గో, వెంట్, గాన్ అన్నీ కలిపి ఒకటే లెక్క. నాకు 5200 వచ్చు, పుస్తకంలో 2300, మరి ఈజీగా లాగించేయొచ్చు కదా, నిజానికి తక్కువే తీసుకుంటున్నానేమో అనుకున్నా కూడా.

జనవరి 9న మొదలెట్టా. 20వ తేదీకి 17వ పేజీలో ఉన్నా.

పదకొండు రోజులు, పదిహేడు పేజీలు. ఎలా చదివానంటే, ఒక చేతిలో పుస్తకం ఇంకో చేతిలో ఫోన్, తెలియని మాట రాగానే డిక్షనరీలో చూడ్డం, నోట్‌బుక్‌లో తెలుగు అర్థం రాసుకోవడం, తిరిగి పుస్తకంలోకి వచ్చేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మర్చిపోవడం, మళ్ళీ మొదట్నుంచి చదవడం. కథలో ఒకాయన ఇంటికి ఉత్తరం వస్తుంది, ఆ ఉత్తరం ఏంటో నాకు నాలుగు రోజుల దాకా తెలీలేదు. నోట్‌బుక్‌లో మాత్రం 143 మాటలు పోగయ్యాయి. 20న రాత్రి తెలుగు అర్థాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను నేను పరీక్ష పెట్టుకుంటే 19 గుర్తున్నాయి. పుస్తకం మూసి బీరువా మీద పెట్టేశా. మూడు వారాలు దాని వంక చూడలేదు. ఈ వయసులో మనకెందుకులే అనిపించింది, నిజం చెప్తున్నా.

ఫిబ్రవరి 12న పెద్దవాళ్ళకి ఇంగ్లీష్ చెప్పే ఒక మేడంతో మాట్లాడే అవకాశం వచ్చింది. మాకు తెలిసినావిడే, అరగంట కూర్చుని మాట్లాడారు. నా 5200 గురించి గొప్పగా చెప్పా. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "తెలియనివి వదిలేశారా, ఏదో ఒకటి కొట్టారా?"

ఒక్కటీ వదల్లేదండీ అన్నా. ఎంట్రన్స్ పరీక్షలు రాసిన ప్రాణం కదా, నెగెటివ్ మార్కులు లేనప్పుడు ఖాళీగా వదలడం అనేది నా రక్తంలోనే లేదు. ఆవిడ నవ్వి కాగితం మీద లెక్క వేశారు. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు. మీకు నిజంగా 23 మాత్రమే వచ్చనుకుందాం, మిగిలిన 117 గుడ్డిగా కొడితే నాలుగింట ఒకటి తగుల్తుంది, అంటే దాదాపు 29. 23, 29 కలిపితే 52. నా స్కోరు సరిగ్గా అలాగే వచ్చిందని కాదు, కొన్ని సగం తెలిసి కొట్టినవీ ఉంటాయి, కానీ 5200 అనే అంకె ఎంత బోలుగా ఉందో అర్థమైంది. పైగా ఆవిడ ఇంకో మాట అన్నారు, "టెస్టులో మాట ఒంటరిగా నిలబడి ఉంటుంది, మీరు పది సెకన్లు దాని మొహం చూస్తూ ఆలోచించొచ్చు. పేజీలో అంత టైం ఉండదండీ, అక్కడ చూడగానే తెలియాలి."

తర్వాత లెవెల్ తేల్చుకునే పద్ధతి చూపించారు. చాలా సింపుల్. పుస్తకంలో మధ్యలో ఏదో ఒక పేజీ తియ్యాలి (మొదటి పేజీ వద్దు, పేర్లూ ఊర్లూ పరిచయం చేస్తూ అది మామూలు కన్నా కష్టంగా ఉండొచ్చు). అందులో మొత్తం ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టాలి, తెలియనివి పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. నా లెవెల్ 5 పుస్తకంలో ఒక పేజీలో 210 మాటలు, చుక్కలు 17. అంటే తెలిసినవి 92 శాతం. నాకైతే 92 అంటే డిస్టింక్షన్ మార్కులా వినిపించింది. కాదట. ఎవరి సాయం లేకుండా, డిక్షనరీ లేకుండా కథ హాయిగా అర్థం కావాలంటే 98 శాతం తెలిసుండాలి, యాభై మాటలకి ఒక్కటి మాత్రమే తెలియనిది. ఇది 2000లో హు, నేషన్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో తేలిన సంగతి. ఆ లెక్కన నా 210 మాటల పేజీలో నాలుగు చుక్కలకి మించకూడదు. నాకు పదిహేడు! ప్రతి పన్నెండు మాటలకీ ఒక గుంత, అలాంటి రోడ్డు మీద బండి తోలుతూ ఎందుకు నిద్రొస్తుందో, ఎందుకు విసుగొస్తుందో అని నన్ను నేను తిట్టుకున్నా ఇన్నాళ్ళూ.

ఆవిడ దగ్గరున్న పుస్తకాల్లోంచి ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్ అనే ఇంకో సిరీస్‌లో స్టేజీ 3 ఇచ్చారు, అది 1000 హెడ్‌వర్డ్స్. పేజీలో 190 మాటలు, చుక్కలు 6, దగ్గర దగ్గర 97 శాతం. ఫోన్లో టైమర్ పెట్టి మామూలుగా చదవమన్నారు, నిమిషానికి 92 మాటలొచ్చాయి. "వంద కూడా దాటలేదంటే మీరు చదవట్లేదండీ, చిక్కు విప్పుతున్నారు. ఇంకొకటి దిగండి" అన్నారు. స్టేజీ 2, అంటే 700 హెడ్‌వర్డ్స్. పేజీలో 180 మాటలు, చుక్కలు 2, స్పీడు 131. "ఇదీ మీది."

ఏడొందల మాటలు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీష్‌లో మెయిల్స్ రాస్తున్న మనిషికి. బయటికి థాంక్యూ మేడం అన్నా గానీ లోపల ముఖం మాడిపోయింది.

ఆ మంట వల్లే తర్వాతి వారం ఒక తెలివి తక్కువ పని చేశా. ఎలాగూ ఈజీవే చదవాలి కదా, మరి ఇంట్లో మా అమ్మాయి చిన్నప్పటి ఇంగ్లీష్ కథల పుస్తకాలు బోలెడున్నాయి, అవి చదివేస్తే సరిపోతుంది కదా అని అవి ముందేసుకున్నా. బొమ్మలు, పేజీకి అరవై మాటలు. అందులో గిగిల్, టిప్‌టో, స్క్వీల్, వాబుల్, స్నగుల్ ఇలాంటివి పేజీకి నాలుగైదు. అరవైలో నాలుగంటే మళ్ళీ 93 శాతమే, లెవెల్ 5 పుస్తకం లెక్కే! ఫోన్ చేసి అడిగితే మేడం చెప్పారు, ఆ పుస్తకాలు ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న పిల్లల కోసం రాసినవి, ఆ పిల్లలు చదవడం మొదలెట్టేసరికే వేల మాటలు చెవులతో నేర్చేసి ఉంటారు, వాళ్ళకి రానిది అక్షరాలు చదవడం ఒక్కటే, మీ సమస్య దానికి రివర్సు అని. నాకేమో డిపెండ్, సజెస్ట్, రిక్వైర్ లాంటివి వస్తాయి, పిల్లి ఒళ్ళో ముడుచుకోవడానికి ఏమంటారో రాదు. ఎవరైనా పెద్దవాళ్ళు నాలాగే పిల్లల పుస్తకాలు పట్టుకుని ఇవి కూడా రావట్లేదే అని ఏడుస్తుంటే, అది మీ తప్పు కాదు, అవి మనకి రాసినవి కావు. గ్రేడెడ్ రీడర్లో మాటలు తక్కువుంటాయి గానీ కథ పెద్దవాళ్ళదే, హత్యలుంటాయి, మోసాలుంటాయి, పెళ్ళిళ్ళు చెడిపోవడాలుంటాయి.

ఫిబ్రవరి 22న స్టేజీ 2 మొదటి పుస్తకం. రూల్స్ మూడే ఇచ్చారు. డిక్షనరీ పుస్తకం అయ్యేదాకా ముట్టకూడదు. అయ్యాక, ఇంకా గుర్తుండి బుర్ర తొలిచే మాటలు మాత్రమే, మూడుకి మించకుండా చూసుకోవచ్చు. ప్రతి చాప్టర్ అయ్యాక కథ తెలుగులో ఎవరికైనా ఐదు వాక్యాల్లో చెప్పాలి. నేను మా అమ్మాయికి చెప్పేవాణ్ణి, ఏడో క్లాసు. మొదటి రోజే పుస్తకం తిరగేసి "నాన్నా, ఇది మా నాన్‌డీటెయిల్ కన్నా ఈజీగా ఉంది" అంది. నువ్వు హోంవర్క్ చూసుకో అన్నా.

పుస్తకం ఎంతసేపట్లో అయిందో తెలుసా? రెండు రాత్రులు! ఈ సైజు పుస్తకంలో సుమారు 6500 మాటలుంటాయి, నిమిషానికి 130 చొప్పున యాభై నిమిషాలు. నేను రాత్రికి 25 నిమిషాలు పెట్టుకున్నా కాబట్టి రెండో రాత్రికి చివరి పేజీ. ఇంగ్లీష్ పుస్తకం మొత్తం చదవడం నా జీవితంలో అదే మొదటిసారి, పక్కన లైటు ఆర్పేసి పడుకున్నా కూడా చాలాసేపు నిద్ర పట్టలేదు. కానీ వెంటనే వచ్చిన ఇబ్బంది ఏంటంటే పుస్తకాలు చాలట్లేదు. ఈ పద్ధతిలో అసలు ఖర్చు టైం కాదు, పుస్తకాలు, ఒక్కో లెవెల్లో కనీసం ఐదారు చేతిలో ఉండాలి. ఒక్కోటి కొనుక్కుంటూ కూర్చుంటే గిట్టదు, అరువు తెచ్చుకోవడమో, లైబ్రరీయో, మార్చుకోవడమో ముందే చూసుకోండి. నేను మొదటి నెలలో రెండుసార్లు పుస్తకం లేక వారం వారం ఖాళీగా కూర్చున్నా.

ఇక మాటల సంగతి. మొదటి నాలుగైదు వారాలు నాకు పెద్ద అనుమానం ఉండేది. పేజీకి ఒకటో రెండో మాత్రమే కొత్తవి ఉంటే నేను నేర్చుకునేదేముంది? దీనికి తోడు ఒక రిపోర్టు నా కంట పడింది. 2003లో జపాన్‌లో వేరింగ్, టకాకి అనేవాళ్ళు కొంతమందితో ఒక గ్రేడెడ్ రీడర్ చదివించి, అందులో పెట్టిన 25 కొత్త మాటలు మూడు నెలల తర్వాత అడిగితే సగటున ఒక్కదాని అర్థమే చెప్పగలిగారట. ఇరవై ఐదులో ఒకటి! నోట్‌బుక్కే నయం, అక్కడ 143కి 19 అయినా ఉన్నాయి అనుకుని మేడంకి కోపంగా మెసేజ్ పెట్టా. "అది ఒక్క పుస్తకం చదివితే సంగతి. ఎనిమిది సార్ల కన్నా తక్కువ ఎదురైన మాటలు నిలవలేదని కూడా అందులోనే ఉంది, అది చదవలేదా? మీరెన్ని చదివారు?" అని రిప్లై వచ్చింది. అప్పటికి నావి మూడు.

నాకు నిజంగా నమ్మకం కుదిరింది మాత్రం హార్డ్లీ అనే మాట దగ్గర. ఇది కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే నోట్‌బుక్ పద్ధతిలో ఇది ఎప్పటికీ జరిగేది కాదు. హార్డ్ అంటే కష్టం, కాబట్టి హార్డ్లీ అంటే కష్టంగా, కష్టపడి అని నేను స్కూలు రోజుల నుంచి అనుకుంటున్నా. పేజీ మీద చుక్క పెట్టమంటే దానికి చుక్క కూడా పెట్టను, నాకు తెలిసిన మాటేగా! మొదటి పుస్తకంలో "హి కుడ్ హార్డ్లీ బిలీవ్ ఇట్" అని వచ్చింది, కష్టం మీద నమ్మాడు అని చదువుకున్నా, కథకి అడ్డం రాలేదు, ముందుకెళ్ళిపోయా. రెండో పుస్తకంలో "షి హార్డ్లీ స్పోక్", కష్టంగా మాట్లాడింది, పాపం గొంతు నొప్పేమో అనుకున్నా. మూడో పుస్తకంలో ఒకడు దొంగతనంగా గదిలోకి దూరతాడు, "దేర్ వాజ్ హార్డ్లీ ఎనీ లైట్". వెలుతురు కష్టపడటమేంటి? అక్కడ ఆగా. కింద లైన్లోనే వాడు గోడ తడుముకుంటూ నడుస్తాడు, కుర్చీకి గుద్దుకుంటాడు. అంటే వెలుతురు దాదాపు లేదు అన్నమాట. నాలుగో పుస్తకంలో "హి హార్డ్లీ ఎవర్ కేమ్ హోమ్" అని రాగానే ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, దాదాపు ఎప్పుడూ రాడు. వెనక్కెళ్ళి రెండో పుస్తకం తీసి చూశా, ఆవిడకి గొంతు నొప్పీ లేదు ఏమీ లేదు, అసలు మాట్లాడట్లేదు, మొగుడి మీద అలిగింది! కథ మొత్తం నాకు వేరేగా అర్థమైంది ఇన్నాళ్ళూ.

తెలియని మాటకన్నా తప్పుగా తెలిసిన మాటతోనే నాకు ఎక్కువ చిక్కు అని అప్పుడు తెలిసింది. ఈజీ పుస్తకంలో చుట్టూ ఉన్న మాటలన్నీ గట్టిగా ఉంటాయి కాబట్టి ఈ తప్పు మాట కదిలితే కనపడుతుంది, లెవెల్ 5 పుస్తకంలో ఐతే చుట్టూ అన్నీ కదుల్తుంటే ఇదెక్కడ కనపడుద్ది.

ఇలాంటిదే ఇంకో గొయ్యి, రెండు మూడు తెలిసిన మాటలు కలిసి తెలియని అర్థం ఇవ్వడం. హెడ్‌వర్డ్స్ లెక్కలో పుట్ ఉంటుంది, అప్ ఉంటుంది, కానీ కథలో "హి పుట్ మీ అప్ ఫర్ ద నైట్" అని వచ్చింది. రాత్రంతా ఎత్తి పెట్టాడు అనుకున్నా, మా అమ్మాయికి కూడా అలాగే చెప్పా, వాడు ఇతన్ని అటక మీదకి ఎక్కించినట్టున్నాడే అని. "ఎందుకు నాన్నా?" అంది. నా దగ్గర ఆన్సర్ లేదు. రెండు పేజీల తర్వాత పొద్దున్నే టిఫిన్ పెట్టి పంపిస్తుంటే అర్థమైంది, రాత్రికి ఇంట్లో ఉండనిచ్చాడని. చుక్కల లెక్కలో ఇవి పడవు, అందుకే ఆ ఐదు వాక్యాల రూలు. చుక్కలు రెండే ఉండి కూడా కథ చెప్పేటప్పుడు ఎక్కడో అతుకు కుదరకపోతే, అక్కడ ఇలాంటిది ఒకటి దాక్కుందని లెక్క.

మార్చి ఆఖరికి స్టేజీ 2లో తొమ్మిది పుస్తకాలయ్యాయి. లెవెల్‌కి ఐదు చదివి పైకి వెళ్ళొచ్చని చాలాచోట్ల ఉంటుంది, నేషన్ కూడా వారానికొకటి, లెవెల్‌కి ఐదు అనే లెక్క చెప్పారు. నాకు ఐదో పుస్తకం దగ్గర స్పీడు ఇంకా 135లోనే ఉంది, తొమ్మిదో దానికి 148 అయింది, అప్పుడు వెళ్ళా. ఏప్రిల్ 5న స్టేజీ 3, మొదటి రాత్రి 118కి పడిపోయింది. భయపడ్డా గానీ రెండో పుస్తకం సగానికి 130, మూడోదానికి 140 దాటింది. నేను పెట్టుకున్న గుర్తు ఇదే: పైకెక్కినప్పుడు స్పీడు పడటం మామూలే, రెండో పుస్తకంలో కూడా లేవకపోతే కిందకి దిగాలి.

జూన్‌లో ఒక తమాషా జరిగింది. స్టేజీ 3లో ఎనిమిది అయిపోయాయి, చేతికి కేంబ్రిడ్జ్ ఇంగ్లీష్ రీడర్స్ లెవెల్ 3 దొరికింది. అదే 3 కదా అని హాయిగా మొదలెడితే స్పీడు 112, చుక్కలు పేజీకి ఐదారు. వారం రోజులు నేను వెనక్కెళ్ళిపోయాననే బెంగ, వేసవి అంతా ఆఫీసు పనిలో పడి చదవడం తగ్గించా కదా దాని ఫలితమనుకున్నా. తీరా చూస్తే అందులో లెవెల్ 3 అంటే 1300 హెడ్‌వర్డ్స్, నేను వదిలొచ్చిన స్టేజీ 3 అంటే 1000. పాత పెంగ్విన్ రీడర్స్‌లో లెవెల్ 3 అంటే 1200. ఎవరి లెక్క వాళ్ళది, తప్పేం లేదు, కవర్ మీద అంకె చూడకుండా హెడ్‌వర్డ్స్ ఎన్నో చూసుకోవాలంతే. ఆ సంగతి తెలిశాక అదే పుస్తకం అదే రాత్రి ఈజీ అయినట్టనిపించింది, మనసు సంగతి అలా ఉంటుంది. ఆ సిరీస్‌వి మూడు చదివి జులైలో స్టేజీ 4కి వచ్చా, అది 1400.

స్టేజీ 4లో పాత క్లాసిక్ నవలల్ని కుదించి రాసినవి రెండు వరసగా తీసుకుని ఇబ్బంది పడ్డా. మాటలు లెవెల్‌కి సరిపడానే ఉంటాయి, కానీ పెద్ద నవలని ఇంతలోకి దించడంతో మనుషులు పదిహేను మంది, ఒక్కో పేజీకి రెండేళ్ళు గడిచిపోతుంటాయి, ఎవరు ఎవరికి మేనమామో కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది. రెండోది మధ్యలో వదిలేశా. వదిలేయొచ్చని తెలియడానికి కూడా నాకు ఇన్ని నెలలు పట్టింది, డబ్బా అన్నం కింద పారేసినట్టు ఫీలయ్యేవాణ్ణి. ఈ లెవెల్ కోసమే కొత్తగా రాసిన కథలు, ముఖ్యంగా డిటెక్టివ్‌వి, మనుషులు తక్కువ, ఒకే చోట నడుస్తాయి, ఒకే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. సస్పెక్ట్, ఎవిడెన్స్, అలిబై, ఈ మూడూ నేను కూర్చుని నేర్చుకోలేదు, నాలుగు హత్యలు చదివేసరికి అవే వచ్చేశాయి.

ఇప్పుడు అక్టోబర్. స్టేజీ 5, 1800 హెడ్‌వర్డ్స్, మూడు పుస్తకాలయ్యాయి. లెక్క వేస్తే మొత్తం 30 పుస్తకాలు, సుమారు మూడున్నర లక్షల మాటలు. నిమిషానికి 140 చొప్పున అది దాదాపు 42 గంటలు. రోజూ 25 నిమిషాలు చదువుతున్నానని అందరికీ చెప్పుకుంటూ తిరిగా, ఈ లెక్క చూస్తే నేను చదివింది వంద రాత్రులే, సగం రోజులు కూడా కాదు! మా అమ్మాయికి ఈ లెక్క చూపించలేదు.

గత నెల ఆ టెస్టు మళ్ళీ రాశా, ఈసారి తెలియనివి నిజాయితీగా వదిలేశా. 34 వచ్చాయి. జనవరిలో వదిలేసి రాసుంటే ఎంత వచ్చేదో తెలీదు కాబట్టి ఎంత పెరిగిందో చెప్పలేను. బీరువా మీద పుస్తకం కూడా దింపా, అదే 210 మాటల పేజీ, ఆ పాత పెన్సిల్ చుక్కలు ఇంకా ఉన్నాయి. పదిహేడింట్లో పన్నెండు ఇప్పుడు తెలుసు. మిగిలిన ఐదంటే 98 శాతానికి ఇంకా ఒక్క మాట తక్కువ, అందుకే ఇంకా చదవట్లేదు, నవంబర్‌లో చూద్దామని.

మామూలు నవల, గ్రేడింగ్ లేనిది, అది కూడా ఒకటి తెరిచి చూశా ఆశ కొద్దీ. 250 మాటల పేజీలో 14 చుక్కలు, 94 శాతం చిల్లర. అలాంటి నవలలో 98 రావాలంటే ఎనిమిది తొమ్మిది వేల వర్డ్ ఫ్యామిలీలు, అంటే ఒక మూల పదం, దాన్నుంచి పుట్టిన మాటలన్నీ కలిపి ఒకటిగా లెక్క, తెలియాలని నేషన్ 2006లో లెక్క తేల్చారు. గ్రేడెడ్ రీడర్లేమో చాలా సిరీస్‌ల్లో రెండున్నర, మూడు వేల దగ్గరే ఆగిపోతాయి. మధ్యలో ఆ గ్యాప్ ఎలా దాటాలని మేడంని అడిగితే, ఒకే రచయితవి, ఒకే రకం కథలు వరసగా చదవండి, మాటలు రిపీట్ అవుతాయి, మొదటి పుస్తకం మాత్రం ఏడిపిస్తుంది అన్నారు. సరే, ఆదివారాలు మాత్రం ఆ నవల ఒక్క చాప్టర్, పెన్సిల్‌తో, డిక్షనరీతో, ఏడుస్తూ. మిగతా రాత్రులు స్టేజీ 5. ఇందులో నాకు దొరికినవి ఇంకా రెండే ఉన్నాయి, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నా దగ్గరున్న స్టేజీ 2వి తొమ్మిదీ ఇచ్చేస్తా.